తాళాలమ్మ పుస్తకంలో పన్నెండో వరుస

కాదు, మంగళవారమే. బుధవారం అక్కని డయాలిసిస్‌కి తీసుకెళ్ళే రోజు కాదు కాబట్టి, ఆ నీలం కుర్చీలో ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నది మంగళవారమే అయ్యుండాలి. కుర్చీ చేతి మీద రెక్సిన్ చిరిగి లోపలి స్పాంజి బయటికొచ్చింది. దాన్ని వేలితో గిల్లుతూ, తనకంటే ముందు ఎంతమంది గిల్లి ఉంటారో అని కూడా అనుకున్నాడు. తలుపు అవతల నాలుగు గంటలపాటు అక్క రక్తం ఒక యంత్రంలోకి వెళ్ళి మళ్ళీ వస్తూ ఉంటుంది. ఇవతల తను. అప్పుడే పెట్టాడు ప్రోగ్రాంలో ఆ కీ. పెట్టి, పక్కనే "తరవాత తీసేయాలి" అని రాసుకున్నాడు.

తరవాత అనే మాట రాసుకుంటే పని సగం అయిపోయినట్టు మనసు ఊరుకుంటుంది. ఇది అతనికి తెలుసు. తెలిసినంత మాత్రాన మనసు ఊరుకోవడం మానదు.

ఇప్పుడు శుక్రవారం, మధ్యాహ్నం ఒంటిగంటన్నర. తెర మీద పది పన్నెండు వరుసల ఎర్ర సందేశం. నాలుగు రోజులుగా తన యంత్రంలో చేసుకున్న మార్పుల్ని అందరి కోడూ దాచుకునే ఉమ్మడి రిపోజిటరీకి నెట్టబోతే అది తలుపు దగ్గరే ఆపేసింది. మీరు పంపుతున్నదాంట్లో ఒక రహస్యం ఉంది, లోపలికి రానివ్వం అంటోంది. ఏ కమిట్‌లో, అంటే ఏ విడత కట్టి పెట్టిన మార్పుల్లో ఉందో, ఏ ఫైల్లో ఉందో, ఎన్నో లైనో కూడా చెబుతోంది. నలభై రెండో లైను. మంగళవారం నాటి లైను.

కీ అంటే నలభై అక్షరాల చాంతాడు. మెసేజ్‌లు పంపే కంపెనీ వీళ్ళ ఆఫీసుని గుర్తుపట్టేది దాంతోనే. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు అక్క వెళ్ళే క్లినిక్ పేరు మీద రోగులకి ఏదైనా పంపొచ్చు. ఇంతవరకు పంపినవన్నీ చదవొచ్చు కూడా. ఏ నంబరుకి, ఏ రోజు, ఏ మంచానికి అనేదంతా అందులో ఉంటుంది. రేపటినుంచి క్లినిక్‌లో వేళలు మారుతున్నాయి. కొత్త వేళల మెసేజ్‌లు ఈరోజు నాలుగింటికి వెళ్ళాలి. ఈ మార్పులు మూడున్నరలోపు లోపలికి పోతే అక్కణ్ణించి వాటంతట అవే సర్వర్‌కి చేరతాయి. పోకపోతే రేపు పొద్దున వందమంది తప్పు వేళకి క్లినిక్ గుమ్మంలో నిలబడతారు. వాళ్ళలో అక్క ఒకతి.

"ఎక్కిందా మాస్టారూ?"

మేస్త్రి. వీళ్ళ బృందానికి పెద్ద. ఎప్పుడూ ఎవరో ఒకరి కుర్చీ వెనక నిలబడి పని చూస్తాడు కాబట్టి ఆ పేరు. తనకి మాస్టారు అనే పేరు వచ్చింది కూడా ఇలాంటి కారణానికే. అడిగినా అడక్కపోయినా పాఠం చెబుతాడని.

"ఎక్కుతోంది," అన్నాడు, తెర మీది కిటికీని కిందికి దించేస్తూ.

"భోంచేశారా?"

"చేస్తాను."

"మీ మొహం చూస్తే నాకే నిద్రొస్తోందండీ బాబూ. అయిపోగానే ఇంటికెళ్ళి పడుకోండి."

మేస్త్రి వెళ్ళిపోయాడు. అతను కిటికీ మళ్ళీ పైకి తెచ్చాడు. సందేశం చివర ఒక లింకు కూడా ఉంది. నొక్కితే ఒక పేజీ తెరుచుకుంది. మూడు దారులు. ఇది పరీక్షలకోసం పెట్టింది. ఇది అసలు రహస్యమే కాదు. ఇది నిజమైనదే, తరవాత సరిచేస్తాను. ఏదో ఒకటి ఎంచుకుని నొక్కితే తలుపు తెరుచుకుంటుంది.

మూడోదాన్ని చూసి నవ్వొచ్చింది. తన మాటే. తన మాటని ఎవరో ముందే అచ్చేసి పెట్టారు.

కానీ నొక్కగానే, ఆఫీసులో కీలన్నీ చూసుకునే తాళాలమ్మకి మెయిల్ వెళ్తుంది. ఎవరు తలుపు తోసుకుని వచ్చారో, ఏ కారణం చెప్పారో అందులో ఉంటుంది. ఆ ఏర్పాటు చేయించింది తనే. మూడేళ్ళ కిందట, ఈ కాపలా పెట్టాల్సిందేనని అందరి ముందూ నిలబడి వాదించింది తనే.

పేజీ మూసేశాడు.

సరే, తీసేస్తే పోతుంది. నలభై రెండో లైను చెరిపేశాడు. ఆ స్థానంలో కీని యంత్రం తన సొంత అమరికల్లోంచి చదువుకునేలా రాశాడు. ఎప్పుడూ చేయాల్సింది అదే. మంగళవారం ల్యాప్‌టాప్‌లో ఆ అమరికల ఫైలు లేకపోబట్టే కదా ఇదంతా. కొత్త కమిట్ కట్టాడు. "కీ తొలగించాను" అని పేరు పెట్టి మళ్ళీ నెట్టాడు.

మళ్ళీ అదే సందేశం. అదే కమిట్. అదే నలభై రెండో లైను.

ఒక్క క్షణం యంత్రానికి పిచ్చి పట్టిందనుకున్నాడు. తరవాత చెవులు వేడెక్కాయి. ఎదురుగా ఎవరూ లేకపోయినా సిగ్గేసింది. కొత్తగా చేరినవాళ్ళకి ఈ పాఠం ఎన్నిసార్లు చెప్పాడు! "చివరి కాగితం శుభ్రంగా ఉంటే చాలదు నాయనా. నువ్వు పంపేది కాగితాల కట్ట మొత్తం. అడుగున ఉన్నదాంట్లో మరక ఉంటే పైన తెల్లకాగితం పెట్టినా మరక పోదు." ప్రతి కమిట్‌లోనూ అప్పటి రూపం అలాగే ఉండిపోతుంది. కాపలావాడు ప్రతి కాగితం తిప్పి చూస్తాడు. ఇదంతా చేత్తో రాసిచ్చినంత బాగా తెలుసు. తెలిసినవాడు ఎక్కడికి పోయాడో మరి. బహుశా ఆ నీలం కుర్చీలోనే ఇంకా కూర్చుని స్పాంజి గిల్లుతున్నాడేమో.

ఫోన్ మోగింది. అక్క.

"ఒరేయ్, రేపు ఎన్నింటికి?"

"మెసేజ్ వస్తుంది కదా అక్కా."

"ఆ మెసేజ్ పంపేవాడివి నువ్వేగా. నీ నోటితో చెప్పడానికి నీకేం బాధ?"

"పదకొండు. ఏడు కాదు, పదకొండు."

"అమ్మయ్య. అయితే రేపు నిద్రపోవచ్చు. నీ గొంతేమిటి, బావిలోంచి వస్తోంది?"

"పనిలో ఉన్నాను."

"చిన్నప్పుడు కూజా పగలగొట్టి ముక్కలు మంచం కింద దాచినప్పుడు కూడా ఇదే గొంతు. అమ్మ పిలిస్తే 'చదువుకుంటున్నాను' అనేవాడివి."

"అక్కా, పెట్టేస్తున్నా."

"పెట్టెయ్, పెట్టెయ్. ఏం పగలగొట్టావో రేపు చెబుదువుగాని. నాకేమైనా పనా, నాలుగు గంటలు కదలకుండా పడుకోవాలి."

ఫోన్ బోర్లించి పెట్టాడు. కూజా పగలగొట్టింది తను కాదు, పిల్లి. ఇన్నేళ్ళుగా అలాగే అనుకుంటున్నాడు. పిల్లి అయితే ముక్కలు తనెందుకు దాచాడో ఎప్పుడూ ఆలోచించలేదు.

పంపాల్సిన కమిట్లు మొత్తం ఆరు, ఇప్పటి పనికిమాలినదానితో కలిపి. కీ చేరింది రెండోదాంట్లో. చివరిదాంట్లో అయితే దాన్నొక్కదాన్నే సరిదిద్దుకుంటే సరిపోయేది. ఇప్పుడు వెనక్కి నడవాలి. ఆరింటినీ ఒక పట్టీలా తెర మీదకి తెచ్చుకున్నాడు. రెండోదాని ముందు "ఇక్కడ ఆగు, మారుస్తాను" అన్న గుర్తు పెట్టాడు. ఆరోదాన్ని పట్టీలోంచే తీసేశాడు. యంత్రం వెనక్కి నడిచి మంగళవారం దగ్గర ఆగింది.

విచిత్రంగా ఉంటుంది ఇది. ఫైళ్ళన్నీ ఆ రోజు ఎలా ఉన్నాయో అలా నిలబడతాయి. బుధ, గురువారాలు ఇంకా జరగలేదు. నలభై రెండో లైను దగ్గరికి వెళ్ళి కీని తీసేశాడు. పక్కన రాసుకున్న "తరవాత తీసేయాలి"ని కూడా తీసేశాడు. అదే కమిట్‌ని కొత్త రూపంతో మళ్ళీ కట్టాడు. ఇక ముందుకు పద అన్నాడు. మూడో కమిట్ దగ్గర యంత్రం తడబడింది. అక్కడ కూడా తను ఆ లైను చుట్టుపక్కల ఏదో మార్చాడు. ఏది ఉంచాలి, ఏది తీయాలి అని రెండు రూపాలూ ఎదురెదురుగా పెట్టి అడిగింది. ఓపిగ్గా చదివి చెప్పాడు. కళ్ళు మండుతున్నాయి. నాలుగు, ఐదు నడిచిపోయాయి. కమిట్ల గుర్తులన్నీ మారిపోయాయి. పాత రెండోది ఇప్పుడు వేరే రెండోది.

నెట్టాడు.

ఆపేసింది.

ఈసారి కోపం కూడా రాలేదు. సందేశాన్ని మొదటినుంచి చివరిదాకా, వేలు పెట్టి, ఒకటో తరగతి పిల్లాడిలా చదివాడు. నాలుగో కమిట్. పరీక్షల ఫైలు. పదిహేడో లైను. గురువారం ప్రోగ్రాంని పరీక్షించే కోడ్ రాస్తూ అదే కీని అక్కడ కూడా అతికించాడు. మొదటి సందేశం కోసం పైకి వెళ్ళి చూశాడు. అందులోనూ రెండు చోట్లూ ఉన్నాయి, ఒకదాని కింద ఒకటి. తను పైది చదివి ఆగిపోయాడు.

మళ్ళీ వెనక్కి నడక. నాలుగోదాని దగ్గర ఆగడం. పదిహేడో లైనులో నిజమైన కీ స్థానంలో ఉత్తుత్తి అక్షరాలు. మళ్ళీ ముందుకు. ఈసారి నెట్టే ముందు, పంపబోతున్న కమిట్లన్నిట్లోనూ ఆ నలభై అక్షరాల కోసం వెతికించాడు. ఏమీ దొరకలేదు. నెట్టాడు.

లోపలికి పోయింది. రెండు గంటల ఇరవై నిమిషాలు.

వెనక్కి వాలాడు. ఎవరూ చూడలేదు. ఆపిన సంగతి ఎక్కడికీ వెళ్ళదు. తలుపు తోసుకుని వెళ్ళినవాళ్ళ సంగతే వెళ్తుంది. తను తోయలేదు, శుభ్రం చేసుకుని వచ్చాడు. ఇప్పుడు రిపోజిటరీలో చూస్తే మంగళవారం ఒక బాధ్యతగల మనిషి ఒక బాధ్యతగల లైను రాసినట్టే ఉంది. చరిత్ర ఎంత సులువుగా మారిపోయింది. ఇంకో వారం గడిస్తే తను కూడా అలాగే రాశాననుకుంటాడు.

మెయిల్ ఒకటి వచ్చింది. బొమ్మలాయన. బయటి మనిషి. తెరలు ఎలా కనిపించాలో బొమ్మలు గీసిచ్చేవాడు. "మీరు బుధవారం ఇచ్చిన ఫోల్డర్లో రెండో తెర బాగుందండీ. బటన్ రంగు మాత్రం మారుద్దాం."

బుధవారం ఇచ్చిన ఫోల్డర్.

బొమ్మలాయనకి రిపోజిటరీలోకి ప్రవేశం లేదు. అందుకని బుధవారం పొద్దున ఫోల్డర్ మొత్తం మూటకట్టి ఒక లింకుగా పంపాడు. మొత్తం అంటే మొత్తమే. కంటికి కనబడకుండా దాక్కుని ఉండే చరిత్ర ఫోల్డర్‌తో సహా. మంగళవారంతో సహా.

ఫోన్ చేశాడు.

"ఆ మూట మీరు దించుకున్నాక లింకు ఎవరికైనా ఇచ్చారా?"

"మా గ్రూపులో పెట్టానండీ. మావాళ్ళు ఏడెనిమిది మంది ఉంటారు కదా, రంగుల గురించి తలో మాటా చెబుతారని. ఏం, కూడదా?"

"కూడదని కాదు... లింకు తీసేస్తున్నాను. దించుకున్నవాళ్ళని చెరిపేయమనండి."

"చెబుతానండీ. ఎవరు దించారో నాకేం తెలుసు? ఇద్దరు మానేశారు కూడా. ఏమైనా సమస్యా మాస్టారూ?"

"ఏం లేదు. బటన్ రంగు మార్చండి."

లింకు తీసేశాడు. తీసే ముందు పక్కన ఉన్న అంకె చూశాడు. ఐదుసార్లు దించుకున్నారు.

ఐదు మూటలు. వాటిని తను వెనక్కి నడిపించలేడు. ఇక్కడ ఎన్నిసార్లు చెరిపినా అక్కడ మంగళవారం మంగళవారంలాగే ఉంటుంది. ఇక మిగిలింది ఒక్కటే దారి, ఆ కీనే చంపేసి కొత్తది పుట్టించడం. తాళం పోయాక ఇల్లంతా ఊడ్చి లాభం లేదు, తాళం కప్పే మార్చాలి. ఇది కూడా అతని పాఠాల్లోదే.

కీ మార్చే అధికారం ఆఫీసులో ఒక్కరికే ఉంది.

లేదా చెప్పకుండా ఉండొచ్చు. ఐదుగురిలో ఆ దాచిన ఫోల్డర్ తెరిచేదెవరు? రంగులు చూసేవాళ్ళు. ఏమీ కాదు. వందలో తొంభైతొమ్మిది పాళ్ళు ఏమీ కాదు. మిగిలిన ఒక్క పాలులో, క్లినిక్ పేరు మీద అక్క ఫోన్‌కి ఒక మెసేజ్ వస్తుంది, రేపు రావద్దు అని. అక్క నమ్ముతుంది. పంపేది తమ్ముడే కదా.

లేచాడు. కాఫీ యంత్రం దగ్గరికి వెళ్తున్నట్టుగా నడిచాడు. యంత్రం దాటాక కూడా నడిచాడు.

తాళాలమ్మ బల్ల కారిడార్ చివర, కిటికీ పక్కన. నలభై ఏళ్ళ మనిషి. బల్ల మీద హ్యాండ్‌బ్యాగ్, మడిచిపెట్టిన గొడుగు సిద్ధంగా ఉన్నాయి.

"బయల్దేరుతున్నారా?"

"మూడింటికి. పాప స్కూల్లో టీచర్ని కలవాలి. మూడుసార్లు వాయిదా వేశాను. ఈసారి వెళ్ళకపోతే మా ఆయన నన్ను కూడా బెంచీ ఎక్కిస్తాడు." నవ్వింది. "ఏమిటి మాస్టారూ, దారి తప్పారా? ఈ మూలకి మీరు రారే."

"కాఫీకి..."

"కాఫీ యంత్రం అటుంది."

అతని చూపు బల్ల మీదున్న నోటుబుక్కు మీద పడింది. గట్టి అట్ట, ఎర్రటి వీపు. అది తను కొన్నదే. మూడేళ్ళ కిందట. ఆఫీసులో ఎవరివల్ల ఏ కీ బయటపడినా ఈ పుస్తకంలో స్వహస్తాలతో రాయాలని నియమం. తేదీ, ఏ కీ, ఎలా పోయింది, ఎవరు. యంత్రంలో రాస్తే చదవకుండా నొక్కేస్తారు, చేత్తో రాస్తే గుర్తుంటుంది అని వాదించింది తనే. మొదటి వరుస ఆమెతో రాయించాడు. సమావేశంలో పదిహేనుమంది ముందు. "ఇంటి తాళం గుమ్మానికే వేలాడదీసి ఊరెళ్తారా ఎవరైనా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ తరవాత మేస్త్రి కీలన్నిటి బాధ్యతా ఆమెకే అప్పగించాడు. శిక్షో, నమ్మకమో అప్పుడు ఎవరికీ అర్థం కాలేదు. తాళాలమ్మ అన్న పేరు ఆ వారమే పుట్టింది. ఆమె కాదనలేదు.

"ఒకసారి చూడనా?" అని పుస్తకం తీసుకున్నాడు.

"చూడండి, మీ పుస్తకమేగా. పదకొండయ్యాయి. అందులో ముగ్గురు కాపలావాడు ఆపినా చెప్పులు విప్పి చేతిలో పట్టుకుని దొంగచాటుగా దూరి, మెయిల్‌తో నాకు దొరికిపోయారు పాపం."

మొదటి పేజీ తెరిచాడు. ఆమె దస్తూరీ, గుండ్రటి అక్షరాలు. "ఎలా పోయింది" అన్న గడిలో: "పాత ఫైల్లో మిగిలిపోయింది. ఆదివారం ఇంట్లో చూసుకుంటుంటే కనిపించింది. సోమవారం ఉదయం నేనే వచ్చి మాస్టారికి చెప్పాను."

రెండోసారి చదివాడు.

నేనే వచ్చి మాస్టారికి చెప్పాను.

మూడేళ్ళుగా ఈ కథ కొత్తగా చేరిన ప్రతివాళ్ళకీ చెబుతున్నాడు. "ఒకసారి ఒక కీ నెలరోజులు బయట పడి ఉంటే నేను పట్టుకున్నాను" అంటూ మొదలవుతుంది అది. పట్టుకున్న క్షణం కూడా గుర్తుంది అతనికి. తెర, లైను, గుండె ఝల్లుమనడం. అదంతా ఎక్కణ్ణించి వచ్చింది? ఆ సోమవారం ఆమె తన కుర్చీ పక్కన నిలబడి ఉంటుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఉంటుంది. "మాస్టారూ, ఒక మాట" అని ఉంటుంది. ఆ బొమ్మ కోసం వెతికాడు. ఉంది. చాలా అడుగున, చెరగకుండా ఉంది. ఆమె మెడలో ఐడీ కార్డు తిరగబడి ఉంది. తెల్ల వెనకభాగం కనిపిస్తోంది.

ఆమె చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు.

మిగతా వరుసలు తిప్పాడు. పదింటిలో పదీ ఎవరో పట్టుకున్నవే, లేదా యంత్రం పట్టించినవే. తనంతట తాను వచ్చి చెప్పినవాళ్ళు మళ్ళీ ఒక్కరు లేరు. ఎందుకుంటారు?

"ఏమైంది మాస్టారూ?" ఆమె గొంతులో నవ్వు తగ్గింది. "ఏదైనా పోయిందా?"

"మీరు మూడింటికి వెళ్ళాలి కదా."

"ముందు విషయం చెప్పండి."

"కీ మార్చడానికి ఎంతసేపు పడుతుంది?"

ఆమె అతని మొహం వైపు చూసింది. తరవాత గోడ గడియారం వైపు. రెండు నలభై.

"ఏ కీ?"

"మెసేజ్‌లది."

"కొత్తది పుట్టించి, సర్వర్లో పెట్టి, పని చేస్తోందని చూసుకుని, అప్పుడు పాతది చంపాలి. ముప్పావుగంట. నాలుగింటి మెసేజ్‌లు ఆగకూడదు. ఎవరిది?"

ప్రశ్న మామూలుగానే ఉంది. అందులో పదిహేనుమంది లేరు, నవ్వు లేదు. అదే కష్టంగా ఉంది. ఆమె ఒక్క మాట అనుంటే తను ఏదో ఒక జవాబు వెతుక్కునేవాడు.

ఆమె బ్యాగ్‌ని బల్ల మీంచి తీసి కింద పెట్టింది. ఫోన్ తీసి ఎవరికో రెండు ముక్కలు కొట్టింది. బహుశా ఆ టీచర్‌కి. బహుశా వాళ్ళాయనకి. తెర వైపు తిరిగి సంకేతపదం కొట్టడం మొదలుపెట్టింది. మళ్ళీ అడగలేదు.

అతను పక్కనున్న కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని పన్నెండో వరుస దగ్గర తెరిచాడు. తేదీ, ఏ కీ, ఎలా పోయింది అన్న మూడు గడులూ ఇప్పుడు దూరంగా, తేలిగ్గా కనిపించాయి. ఆమె కలం మూత తీసి, అన్నిటికంటే ముందు, చివరి గడిలో, తన పేరు రాశాడు.